వరి పైపాటుకు ఆకు రంగు పట్టికా, క్లోరోఫిల్ మీటరా?

వరిలో యూరియా పైపాటు ఎప్పుడు వేయాలని అడిగితే చాలామంది తేదీ చెబుతారు: నాటిన మూడు వారాలకు ఒకసారి, పొట్టలో కంకి మొదలయ్యే అంకురం దశలో మరోసారి. తేదీని గుర్తుంచుకోవడం తేలికే. కానీ ఈ మడిలో నేల తనంతట తాను ఎంత నత్రజని ఇస్తోందో, కిందటి పంట ఎంత మిగిల్చిందో, ఇదివరకు వేసిన యూరియాలో ఎంత గాలిలో కలిసిపోయిందో తేదీకి తెలియదు. పక్కపక్క మళ్లలోనే ఈ లెక్క మారిపోతుంది. అందుకే ఒక చోట పైరుకు కావలసినప్పుడు యూరియా అందదు. ఇంకో చోట అక్కర్లేని యూరియా పడి, పైరు మెత్తగా ఏపుగా పెరిగి, పాముపొడ తెగులుకు, అగ్గితెగులుకు దారి ఇస్తుంది. చివరికి గాలివానకు పడిపోతుంది.

ఈ సంగతి పైరు ఆకును చూసి తెలుసుకోవడానికి రెండు సాధనాలు ఉన్నాయి. ఒకటి ఆకు రంగు పట్టిక, లేత ఆకుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ దాకా గడులున్న ప్లాస్టిక్ పట్టీ. రెండోది చేతిలో పట్టే క్లోరోఫిల్ మీటరు, ఆకును దాని దవడల మధ్య నొక్కితే తెరపై అంకె చూపిస్తుంది. రెండూ నత్రజనిని నేరుగా కొలవవు. ఆకులోని నత్రజనిలో అధిక భాగం కిరణజన్య సంయోగక్రియ నడిపే ప్రోటీన్లలోనూ పత్రహరితంలోనూ ఉంటుంది కాబట్టి, నత్రజని తగ్గితే పచ్చదనం తగ్గుతుంది. రెండు సాధనాలూ ఆ పచ్చదనాన్నే చదువుతాయి. ఒకటి కంటితో, ఇంకొకటి కాంతితో.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

అడగవలసిన మొదటి ప్రశ్న: యూరియా వేయాలా, ఆగాలా అనే సరిహద్దు దగ్గర ఈ సాధనం తేడా పట్టగలదా? బాగా పాలిపోయిన చేనును గుర్తించడానికి సాధనమే అక్కర్లేదు, గట్టు మీద నిలబడితే కనిపిస్తుంది. సాధనం విలువ తెలిసేది సందిగ్ధంలో ఉన్న చేను దగ్గరే.

రెండోది, చదివే మనిషి మారినా, వెలుతురు మారినా ఫలితం నిలుస్తుందా అన్నది. మూడోది, ఏ గీత దాటితే యూరియా వేయాలో మీ రకానికి, మీ పద్ధతికి తెలుసా అన్నది. నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది ఇదే. చాలామంది సాధనం గురించి వాదించుకుంటూ దీన్ని పక్కన పెట్టేస్తారు. ఇక నాలుగోది, మీరు చూడవలసిన మళ్లు ఎన్ని.

| అంశం | తేదీ ప్రకారం | ఆకు రంగు పట్టిక | క్లోరోఫిల్ మీటరు |
|---|---|---|---|
| సరిహద్దు దగ్గర తేడా | పట్టదు | సగం గడి వరకు | ఒకటి రెండు అంకెల వరకు |
| మనిషిని బట్టి మారడం | లేదు | ఉంది | చాలా తక్కువ |
| వెలుతురు ప్రభావం | లేదు | ఎక్కువ | దాదాపు లేదు |
| రకాన్ని బట్టి గీత మార్చాలా | ప్రశ్నే లేదు | మార్చాలి | మార్చాలి |
| ఖర్చు | లేదు | చాలా తక్కువ | చాలా ఎక్కువ |
| ఎంత యూరియా వేయాలో చెబుతుందా | సిఫారసులో ఉంటుంది | చెప్పదు | చెప్పదు |

## రెండింటికీ ఒకటే ఆకు

ఏ సాధనమైనా చూడవలసింది పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మొదటి ఆకునే. ఇంకా చుట్టుకుని ఉన్న ఆకు లేత రంగులో ఉంటుంది, దాన్ని చదివితే అవసరం లేకుండానే యూరియా వేస్తారు. కింది ఆకులు ముదిరి పాలిపోతూ ఉంటాయి, అవీ పనికిరావు. మడిలో గట్టుకు దూరంగా అటూ ఇటూ నడుస్తూ పది కుదుళ్లు ఎంచుకోండి. పచ్చగా కనిపించిన కుదురునో, పాలిపోయిన కుదురునో వెతుక్కుని వెళ్లకండి. తెగులు మచ్చలు, పురుగు గీతలు ఉన్న ఆకును వదిలేయండి. ఆకును తుంచకుండా మొక్కకే ఉంచి మధ్య భాగాన్ని చదవాలి.

నాటిన పైరులో నాటిన 14 రోజుల నుంచి, నేరుగా వెదజల్లిన పైరులో విత్తిన 21 రోజుల నుంచి మొదలుపెట్టి, పూత తొంగిచూసే వరకు 7–10 రోజులకోసారి చూడాలి. అంతకు ముందు చూస్తే పీకి నాటిన దెబ్బకు పాలిపోయిన ఆకును నత్రజని లోపమని పొరబడతారు. యూరియా వేసిన వారం లోపు మళ్లీ చూడటం కూడా వృథా. ఆకు పచ్చబడటానికి ఆ పాటి సమయం పడుతుంది.

## ఆకు రంగు పట్టిక

ఇది జపాన్‌లో మొదలైంది. ఆ తర్వాత అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దాన్ని ఆసియా రైతులకు అనువుగా మార్చి వ్యాప్తి చేసింది. మొదట ఆరు గడులు ఉండేవి. తర్వాత రెండు కొసలూ తీసేసి 2 నుంచి 5 వరకు నాలుగు గడుల పట్టికను ప్రామాణికం చేశారు. గడుల మీద వరి ఆకు ఈనెల్లాంటి సన్నని గీతలు ఉంటాయి. నున్నని ప్లాస్టిక్ రంగు పక్కన గరుకు ఆకు రంగును పోల్చడం కంటికి కష్టం కాబట్టి ఆ గీతలు పెట్టారు.

ఆకును గడి మీద ఆనించి పోల్చాలి. రంగు 3కీ 4కీ మధ్య ఉంటే 3.5 అని రాసుకోవాలి. పది ఆకుల్లో ఆరు లేదా అంతకంటే ఎక్కువ నిర్ణీత గడి కంటే పాలిపోయి ఉంటే యూరియా వేయాలి. లేకపోతే మళ్లీ చూసే రోజు వరకు ఆగాలి. నియమం ఇంతే. పది నిమిషాల్లో ఒక మడి అయిపోతుంది.

తప్పు ఎక్కువగా జరిగేది వెలుతురు దగ్గర. ఎండ నేరుగా పడిన ఆకు అసలు రంగు కంటే లేతగా కనిపిస్తుంది. అదే ఆకు మీద మీ నీడ పడేలా నిలబడి చూస్తే అర గడి ముదురుగా తేలవచ్చు. సందిగ్ధంలో ఉన్న చేనులో ఆ అర గడే నిర్ణయాన్ని తిప్పేస్తుంది. కాబట్టి సూర్యుడికి వీపు పెట్టి, ఆకు మీదా పట్టిక మీదా మీ నీడ పడేలా చూసుకోవాలి. ప్రతిసారీ దాదాపు ఒకే వేళకు, ఉదయం ఎనిమిది పది గంటల మధ్య, ఒకే మనిషి చూడాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని చూపు ఉన్నవారు ఈ పని ఇంట్లో మరొకరికి అప్పగించాలి.

ఇంకో జాగ్రత్త పట్టిక గురించే. ఎండలో పడేస్తే ప్లాస్టిక్ వెలిసిపోతుంది. వెలిసిన 4వ గడి పక్కన పాలిపోయిన ఆకు కూడా సరిగానే ఉన్నట్టు కనిపించి, అవసరమైన యూరియా ఆగిపోతుంది. రెండు పట్టికలు తీసుకుని ఒకదాన్ని కవరులో చీకట్లో దాచండి. సీజను మొదట్లో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే పాతదాన్ని పారేయండి. తయారీదారును బట్టి కూడా రంగులు మారుతాయి. ఒకరి పట్టికలోని 4 మరొకరి పట్టికలో 4 కాకపోవచ్చు.

## క్లోరోఫిల్ మీటరు

వరిలో ఎక్కువగా వాడింది, పరిశోధనల్లో పేరు కనిపించేది జపాన్ కంపెనీ మినోల్టా తయారుచేసిన స్పాడ్-502 మీటరు. అది ఆకులోంచి రెండు రకాల కాంతిని పంపుతుంది: 650 నానోమీటర్ల ఎరుపు, 940 నానోమీటర్ల పరారుణం. పత్రహరితం ఎరుపును పీల్చుకుంటుంది, పరారుణాన్ని దాదాపు వదిలేస్తుంది. ఈ రెండింటి తేడా నుంచి ఒక అంకె వస్తుంది. దానికి ప్రమాణం లేదు, అది సూచిక మాత్రమే. దవడలు మూసుకున్నాక బయటి వెలుతురు లోపలికి రాదు కాబట్టి ఎండ, మబ్బు, మనిషి కన్ను ఏవీ ఫలితాన్ని కదిలించవు. మీటరుకున్న నిజమైన బలం ఇది.

బలహీనత కూడా అదే దవడల్లో ఉంది. మీటరు చదివేది 2 × 3 మిల్లీమీటర్ల చోటు, వడ్ల గింజ కంటే చిన్నది. ఒకే ఆకులో మొదలు దగ్గర, కొన దగ్గర, ఈనెకు ఒక పక్క, మరో పక్క అంకెలు వేరుగా వస్తాయి. నడి ఈనె దవడల్లో పడితే అంకె అర్థం లేనిదవుతుంది. ఆకు పొడవులో సగం దగ్గర, ఈనెకూ అంచుకూ మధ్య నొక్కాలి. మంచు బొట్లు ఉంటే తుడవాలి. పది ఆకుల సగటు తీసుకోవాలి. తెరపై దశాంశం కనిపిస్తుంది కదా అని ఒక ఆకు అంకెను నమ్మి నిర్ణయం తీసుకుంటే పట్టిక కంటే పెద్ద తప్పు జరుగుతుంది. ఆకు మందంగా ఉన్న రకంలో, అంతే నత్రజనికి అంకె ఎక్కువగా వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

## గీత ఎక్కడ గీయాలి

పట్టిక అయినా మీటరు అయినా ఫలితం నిలబడేది ఈ గీత మీదే. ఫిలిప్పీన్స్‌లో నాటిన ఇండికా రకాలకు స్పాడ్ 35 సరిపోయింది. అక్కడే దమ్ము చేసి వెదజల్లిన పైరుకు 32 దగ్గర గీత పెట్టారు. వెదజల్లిన పైరు చిక్కగా ఉంటుంది, ఒక్కో ఆకులో నత్రజని పలచబడుతుంది. పంజాబులో నాటిన వరికి 37.5 కావలసి వచ్చింది. ఈ తేడాలు మీటరు లోపాలు కావు, పైరు తేడాలు.

పట్టికలోనూ ఇదే కథ. ఉత్తర భారతంలో మూడు రకాలను పక్కపక్కన పరీక్షిస్తే బాస్మతి 370కి 3వ గడి, సాకేత్-4కు 4వ గడి, పి.హెచ్.బి. 71 హైబ్రిడ్‌కు 5వ గడి సరిపోయాయి. అన్నిటికీ 4 అని ఒకే నియమం పెట్టుకున్నారనుకోండి. పొడుగ్గా పెరిగే బాస్మతికి అక్కర్లేని యూరియా పడి పైరు పడిపోతుంది, హైబ్రిడ్‌కు ఆకలి తీరదు. రైతు మాత్రం పట్టికను నిందిస్తాడు.

మీ రకానికి గీత తెలియకపోతే దారి ఒకటి ఉంది: నత్రజని నిండుగా ఉన్న చిన్న గుర్తు మడి. పొలంలో ఒక మూల ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చోటు విడదీసి, చుట్టూ గట్టు వేసి, మిగతా పొలానికంటే సుమారు ఒకటిన్నర రెట్లు నత్రజని విడతలుగా ఇవ్వండి. గట్టు తప్పనిసరి, లేకపోతే నీటితో పాటు యూరియా పక్కకు పారి పోలికే చెడిపోతుంది. ఆ చోట తెగులు ముందుగా కనిపించవచ్చు, ఒక కన్ను వేసి ఉంచాలి. అదే రకం, అదే నేల, అదే వాతావరణం కాబట్టి గుర్తు మడి అంకెతో పొలం అంకెను భాగిస్తే వచ్చేది నమ్మదగిన కొలత. అది 90 శాతం కంటే తగ్గితే యూరియా వేయాలి.

## ఒక మడిని నడిపి చూద్దాం

135 రోజుల రకం, 25 రోజుల నారు నాటారనుకుందాం. అంటే నాటిన 110 రోజులకు కోత. అంకురం కోతకు 60–65 రోజుల ముందు వస్తుంది, కాబట్టి నాటిన 45–50 రోజుల మధ్య. మన చేతిలో రెండు సాధనాలూ, ఒక గుర్తు మడీ ఉన్నాయి.

నాటిన 28వ రోజు. పట్టికతో పది ఆకులు: 4, 3.5, 3.5, 4, 3, 3.5, 4, 3.5, 3.5, 4. ఆరు ఆకులు 4 కంటే తక్కువ. నియమం ప్రకారం యూరియా వేయాలి. అవే ఆకులకు మీటరు సగటు 34.8. గీత 35 అనుకుంటే మీటరూ వేయమనే చెబుతుంది, కానీ వెంట్రుకవాసి తేడాతో. ఇప్పుడు గుర్తు మడిలో చూస్తే అక్కడ సగటు 37.2 మాత్రమే. పుష్కలంగా నత్రజని అందినా ఈ రకం అంతకంటే ముదరడం లేదు. 34.8ని 37.2తో భాగిస్తే 93.5 శాతం. అంటే ఇంకా ఆగవచ్చు.

ఆగడం వల్ల ముప్పు ఎంత? పిలకల దశలో ఒక వారం ఆగితే, వచ్చే వారం సరిదిద్దుకునే అవకాశం ఉంటుంది. ఇదే సందిగ్ధం 45వ రోజున ఎదురైతే నేను ఆగను. అంకురం వేళ ఆకలి పడితే కంకిలో గింజల సంఖ్యే తగ్గుతుంది, తర్వాత ఎంత వేసినా అది తిరిగి రాదు.

35వ రోజున పొలం సగటు 33.0, గుర్తు మడి 37.4. భాగిస్తే 88 శాతం. ఇప్పుడు వేయాలి. పట్టికతో చూస్తే పదిలో ఏడు ఆకులు 3 దగ్గర ఉన్నాయి. 28వ రోజున 3.5 కంటే తక్కువ ఉన్నది ఒక్క ఆకే. అంటే ఈ రకానికి ఈ పట్టికలో సరైన గీత 4 కాదు, 3.5. మరో సీజను ఇలాగే చూసి అదే తేలితే, ఈ రకం వేసే చుట్టుపక్కల మళ్లన్నిటికీ మీటరు లేకుండా పట్టిక ఒక్కటే చాలు.

ఎంత వేయాలన్నది వేరే లెక్క. మబ్బు ఎక్కువగా ఉండే వానకాలంలో విడతకు హెక్టారుకు 23 కిలోల నత్రజని, ఎండ బాగా ఉండి దిగుబడి ఎక్కువ వచ్చే కాలంలో 35 కిలోలు వాడుకలో ఉన్న మోతాదులు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. కాబట్టి 23 కిలోలంటే హెక్టారుకు 50 కిలోల యూరియా, ఎకరానికి సుమారు 20. 35 కిలోలంటే ఎకరానికి సుమారు 31 కిలోల యూరియా.

## రెండూ చెప్పలేనివి

పాలిపోయిన ప్రతి ఆకూ నత్రజని అడుగుతున్నట్టు కాదు. యూరియా వేసే ముందు ఒకసారి వంగి కింది ఆకులు చూడండి. నత్రజని లోపంలో మొక్క పాత ఆకుల్లోంచి నత్రజనిని లాగి కొత్త ఆకులకు ఇస్తుంది, అందుకే ముందు పసుపు తిరిగేవి కింది ఆకులు. కింది ఆకులు పచ్చగానే ఉండి కొత్త ఆకులు పాలిపోతే గంధకం లోపాన్ని అనుమానించాలి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, కుదుళ్లు ఎదగకపోవడం కనిపిస్తే జింకు లోపం కావచ్చు. రెండింటికీ యూరియా మందు కాదు. భాస్వరం లోపం దీనికి తలకిందులుగా మోసం చేస్తుంది. మొక్క గిడసబారి, పిలకలు తక్కువగా ఉండి, ఆకు మాత్రం ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. పట్టికా మీటరూ రెండూ అంతా బాగుందనే చెబుతాయి.

ఇంకో పరిమితి తక్కువ మందికి తెలుసు. రెండు సాధనాలూ ఒక ఆకులో నత్రజని ఎంత చిక్కగా ఉందో చూస్తాయి, మడిలో పైరు ఎంత ఉందో చూడవు. కుదుళ్లు చచ్చి పలచబడిన మడిలో ఉన్న నత్రజని కొద్ది మొక్కలకే పంచుకోబడి ఆకు ముదురుగా ఉంటుంది. అక్కడ అంకె బాగుందంటే పైరు బాగుందని కాదు. అలాగే నత్రజని మితిమీరితే ఎంత మీరిందో కూడా ఇవి చెప్పలేవు, ఒక హద్దు దాటాక ఆకు రంగు ఇక పెరగదు.

నీటి సంగతి కూడా చెప్పాలి. సరైన రోజు తేల్చుకుని, లోతు నీటిలో మిట్టమధ్యాహ్నం యూరియా చల్లితే ఆ శ్రమ చాలావరకు అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. పాచి ఉన్న నీటిలో పగటిపూట క్షారత్వం పెరగడం దీనికి కారణం. నీరు పలచగా తీసేసి చల్లి, తర్వాత నీరు పెట్టాలి. వేసిన పది రోజులకు కూడా ఆకు కదలకపోతే మరో విడత వేయకండి. యూరియా పోయిన దారినో, వేరే పోషక లోపాన్నో వెతకండి.

## ఎవరికి ఏది

ఒకటి రెండు మళ్లున్న, ఒకే రకం వేసే రైతుకు పట్టిక చాలు. మీటరు కొని మీకు కొత్తగా తెలిసేది తక్కువ. ఆ డబ్బు కంటే గుర్తు మడికి ఇచ్చే చిన్న చోటు ఎక్కువ మేలు చేస్తుంది, పట్టికతోనూ ఆ పోలిక చేయవచ్చు: పొలం ఆకూ గుర్తు మడి ఆకూ అర గడికి మించి తేడా చూపితే వేయండి.

ఏటా రకం మార్చేవారికి, సుగంధ రకాలూ హైబ్రిడ్లూ పక్కపక్కన వేసేవారికి పట్టిక మీద రాసి ఉన్న ఒకే గీత ప్రమాదకరం. అలాంటివారికి గుర్తు మడి తప్పనిసరి, సాధనం ఏదైనా సరే.

విత్తనోత్పత్తి క్షేత్రాలు, ప్రయోగ మళ్లు, పదుల సంఖ్యలో రైతులకు సలహా ఇచ్చేవారు మీటరు తీసుకోవాలి. చదివే మనుషులు మారుతూ ఉన్నప్పుడు పట్టికతో వచ్చిన అంకెలను పోల్చలేము, మీటరు అంకెలను పోల్చగలం. రైతు సంఘానికి నేను చెప్పేది ఇంకో మార్గం: సంఘానికి ఒక మీటరు, ప్రతి రకానికి ఒక గుర్తు మడి, ప్రతి ఇంటికి ఒక పట్టిక. రెండు సీజన్లు మీటరుతో రకం వారీగా పట్టిక గీతలు తేల్చి, ఆ గీతను ప్రతి పట్టిక వెనక రకం పేరుతో పాటు చెరగని సిరాతో రాసి ఇవ్వాలి.

తేదీ పద్ధతిని పూర్తిగా వదలలేనివారు కూడా ఉంటారు. నీరు వంతుల వారీగా వచ్చే చోట, కూలీలు దొరికే రోజే పని జరిగే చోట వారం వారం చూసి వేయడం కుదరదు. వారు పిలకల దశ, అంకురం దశ అనే రెండు రోజులను అలాగే ఉంచి, ఆ రోజు ఆకును బట్టి మోతాదును మార్చుకోవచ్చు. ఆకు గీతకు దిగువన ఉంటే పూర్తి విడత, గీత మీద ఉంటే దాదాపు మూడొంతుల్లో రెండు వంతులు, స్పష్టంగా పైన ఉంటే పిలకల దశలో ఏమీ వేయకుండా, అంకురం దశలో కొద్దిగా. ఈ పనికి పట్టిక ఒక్కటే సరిపోతుంది.